చివరి చుక్క దాకా ఆగే ఎరుపు

"రేపు మీ ఇంటి బోరు నీళ్లు పట్టుకురండి" అని చెప్పిన మర్నాడు మా డిగ్రీ ల్యాబులో బల్లమీద సీసాలు బారులు తీరేవి. పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు నుంచి వచ్చే పిల్లల సీసాలను పేరు చూడకుండానే గుర్తుపట్టేదాన్ని. నీళ్లు అద్దంలా ఉంటాయి, మట్టి ఉండదు, మడ్డి ఉండదు. కానీ ఆ సీసా రెండు రోజులు కదలకుండా ఉంటే లోపలి గోడకు తెల్లటి పొడి పలచగా అంటుకుంటుంది. వేలితో రాస్తే గరగరలాడుతుంది. ఒక చుక్క నిమ్మరసం వేస్తే బుసబుసమని పొంగి కరిగిపోతుంది. అది సున్నపురాయే. నేలకింద కరిగి నీళ్లలోకి వచ్చి, సీసాలో మళ్లీ రాయిగా మారుతోంది.

పల్నాడు నేలకింద పరుచుకుని ఉన్నది ఆ రాయే. అక్కడి సున్నపు బట్టీలూ సిమెంటు ఫ్యాక్టరీలూ దాని మీదే నడుస్తున్నాయి. వాననీరు మట్టిలోంచి దిగుతూ వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలే బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ పులుపుకి సున్నపురాయి కొద్దికొద్దిగా కరుగుతుంది. అలా నీటిలో చేరిన కాల్షియం, దానితోపాటు మెగ్నీషియం, ఈ రెండే ముఖ్యంగా నీటి కాఠిన్యానికి కారణం. పప్పు ఎంతసేపటికీ ఉడక్కపోవడం, సబ్బు నురగ రాకుండా తెట్టులా తేలడం, గీజరు రాడ్డుకి తెల్లటి పెంకు కట్టడం, అన్నీ వాటి పనే. చాలామంది వీటిని "ఉప్పు నీళ్లు" అంటారు గానీ నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉండనక్కర్లేదు. ఉప్పదనం వేరు, కాఠిన్యం వేరు.

మరి ఎంత కఠినం? ఈ ప్రశ్నకు చాలాకాలం సబ్బే జవాబు చెప్పింది. 19వ శతాబ్దంలో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో థామస్ క్లార్క్ అనే రసాయనశాస్త్ర ఆచార్యుడు, కొలత తెలిసిన సబ్బు ద్రావణాన్ని నీటిలో కొంచెం కొంచెంగా పోసి కుదుపుతూ, నురగ నిలబడేదాకా ఎంత సబ్బు పట్టిందో లెక్కగట్టాడు. బట్టలుతికేవాళ్లకు చేతి ఆనవాలుగా తెలిసిన సంగతినే ఆయన సీసాలో పెట్టి అంకె చేశాడు. అయితే నురగ నిలబడిందా లేదా అన్నది చూసేవాళ్ల ఓపికను బట్టి మారుతుంది. మెగ్నీషియం ఎక్కువున్న నీటిలో నురగ మోసం కూడా చేస్తుంది.

ఆ పద్ధతిని పక్కకు నెట్టిన పదార్థం ఈడీటీఏ. 1935లో జర్మనీలో ఫెర్డినాండ్ మ్యూంజ్ దాన్ని మొదట తయారుచేశాడు. 1940ల్లో జూరిచ్ విశ్వవిద్యాలయంలో గెరోల్డ్ ష్వార్జెన్‌బాఖ్ దానితో లోహాలను కొలవడం ఎలాగో చూపించాడు. ఈడీటీఏ అణువుకి లోహాన్ని పట్టుకునే చోట్లు ఆరున్నాయి. రెండు నత్రజని పరమాణువులు, నాలుగు ఆమ్ల శాఖలు. కాల్షియం అయాను దగ్గరికి రాగానే ఆరూ చుట్టూ ముడుచుకుని దాన్ని మధ్యలో బంధిస్తాయి. ఇలాంటి పట్టుకి రసాయనశాస్త్రంలో ఉన్న కీలేట్ అనే పేరు పీత డెక్కను చెప్పే గ్రీకు మాటనుంచి వచ్చింది. ఎండ్రకాయ పట్టిన వేలు ఎలా ఉంటుందో గోదావరి, కృష్ణా కాలవగట్ల మీద పెరిగినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

మనకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఒక ఈడీటీఏ ఒక్క లోహ అయానునే పట్టుకుంటుంది. సగమూ కాదు, రెండూ కాదు. కాబట్టి ఎన్ని ఈడీటీఏ అణువులు ఖర్చయ్యాయో తెలిస్తే నీళ్లలో ఎన్ని కాల్షియం, మెగ్నీషియం అయాన్లున్నాయో తెలిసినట్టే. బ్యూరెట్లోంచి చుక్క చుక్కగా వదిలి, అన్నీ పట్టుబడ్డ క్షణంలో ఆపి, ఎంత పోసామో చదివితే చాలు. దీన్నే టైట్రేషన్ అంటాం.

చిక్కంతా ఆ క్షణాన్ని గుర్తుపట్టడంలోనే ఉంది. బోరు నీళ్లకు రంగు లేదు. ఈడీటీఏకి రంగు లేదు. రెండూ కలిసి తయారయ్యే సంశ్లిష్టానికీ రంగు లేదు. ఫ్లాస్కులో లక్షల కోట్ల అయాన్లు ఒక్కొక్కటే పట్టుబడుతున్నా మన కంటికి మంచినీళ్లే కనబడతాయి. అందుకని మనవైపునుంచి ఒక సాక్షిని లోపలికి పంపాలి. ఆ సాక్షి ఎరియోక్రోమ్ బ్లాక్-టి అనే రంగు. ఇదీ లోహాన్ని పట్టుకోగలదు గానీ దీని పట్టు ఈడీటీఏ పట్టుకన్నా వదులు. చేతిలో లోహముంటే బీట్‌రూట్ ఉడికించిన నీళ్ల ఎరుపు. చేతిలోంచి లోహం పోతే శంఖుపుష్పం నీలం.

ఇక్కడ కొంచెం నిదానంగా చూడాలి. ఈ పరీక్ష నిలబడింది రెండు ఇష్టాల మీద. ఈడీటీఏకి మెగ్నీషియంకన్నా కాల్షియం మీద మక్కువ ఎక్కువ, దాదాపు నూరు రెట్లు బిగువుగా పట్టుకుంటుంది. సూచిక రంగుకి సరిగ్గా తిరగబడ్డ ఇష్టం. దానికి కాల్షియంకన్నా మెగ్నీషియం మీద మక్కువ, సుమారు నలభై రెట్లు. ఇప్పుడు ఫ్లాస్కులో ఏం జరుగుతుందో ఊహించండి. చిటికెడు సూచిక వేయగానే అది వెతుక్కుని మెగ్నీషియంతో జతకట్టి ఎర్రబడుతుంది. బ్యూరెట్లోంచి ఈడీటీఏ దిగుతుంది. అది ముందు కాల్షియంను పట్టుకుంటుంది. కాల్షియం అయిపోవస్తుంటే నీళ్లలో విడిగా తిరుగుతున్న మెగ్నీషియం పని పడుతుంది. ఇంతసేపూ సూచిక తన మెగ్నీషియంతో హాయిగా ఎర్రగానే ఉంటుంది. దాని జోలికి ఎవరూ రారు. నీళ్లలో విడి లోహమంటూ ఏదీ మిగలనప్పుడే ఈడీటీఏ సూచిక చేతిలో ఉన్న ఆఖరి మెగ్నీషియంను లాక్కుంటుంది. సూచిక చేయి ఖాళీ అవుతుంది, ఫ్లాస్కు నీలమవుతుంది. ఎరుపు చివరి చుక్క దాకా ఆగడానికి కారణం అదే. వదులుగా పట్టుకున్నది గనుక చివర వదులుతుంది, మరీ వదులుగా పట్టుకోలేదు గనుక ముందే వదలదు.

ఎరుపుకీ నీలానికీ మధ్య ఒక మెట్టుంది. నా క్లాసులో ఎక్కువ మార్కులు పోయింది అక్కడే.

"మేడమ్, నీలం వచ్చేసింది!"

"రాలేదమ్మా. అది వంకాయ రంగు. ఫ్లాస్కు కింద తెల్ల టైలు పెట్టి చూడు, ఎరుపు జీర ఇంకా ఉంది. ఇంకో చుక్క వేసి, కలిపి, అయిదు లెక్కపెట్టి చూడు."

ఆఖరి చుక్కల మధ్య మూడు నుంచి అయిదు సెకన్లు ఆగాలి. సూచిక చేతిలోంచి మెగ్నీషియం ఊడిరావడానికి ఆ కాస్త వ్యవధి కావాలి. చలికాలం పొద్దున నీళ్లు చల్లగా ఉంటే ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. వేడి చేస్తే త్వరగా అవుతుంది కదా అని కాచిన నీళ్లతో చేస్తే సూచికే పాడైపోతుంది. గది వేడిమిలో ఉన్న నీళ్లే సరైనవి.

ఇప్పుడు బఫరు సంగతి. ఒకసారి ఒకమ్మాయి ఈడీటీఏ పోస్తూనే ఉంది, బ్యూరెట్ సగానికి పైగా దిగిపోయింది, ఫ్లాస్కు ఎర్రగానే ఉంది. "మా ఊరి నీళ్లు ఇంత ఘోరమా మేడమ్" అని బెంగపడిపోయింది. వాసన చూశాను. ఏ వాసనా లేదు. బఫరు పోయడం మరిచిపోయింది.

బఫరంటే అమ్మోనియా, నవాసారం కలిపిన ద్రావణం. నవాసారం అంటే అమ్మోనియం క్లోరైడు, కళాయి పోసేవాళ్లు పాత్ర మీద చల్లే తెల్లపొడే. ఈ జంట నీటి పీహెచ్‌ను 10 దగ్గర పట్టి ఉంచుతుంది. యాభై మిల్లీలీటర్ల నమూనాకు ఒకటి రెండు మిల్లీలీటర్లు చాలు. సీసా మూత తీయగానే ముక్కుపుటాలు అదిరేంత ఘాటు రావాలి. పీల్చకూడదు, మూత తీసి పక్కన పెట్టినా ఆ ఘాటు తెలుస్తుంది.

పీహెచ్ పదే ఎందుకు? ఈడీటీఏ ఆరు చేతుల్లో కొన్నిటికి మామూలు నీటిలో హైడ్రోజన్ అంటుకుని ఉంటుంది. చేతిలో సంచీ పట్టుకున్నవాడు ఇంకొకరి చెయ్యి గట్టిగా పట్టుకోలేడు కదా. పీహెచ్ 7 దగ్గర, చేతులన్నీ పూర్తిగా ఖాళీగా ఉన్న ఈడీటీఏ అణువులు సుమారు రెండువేలకు ఒకటి మాత్రమే. పీహెచ్ 10కి వచ్చేసరికి అవి మూడోవంతు దాకా పెరుగుతాయి. కాల్షియం మీద పట్టు అప్పటికే బలం గనుక తట్టుకుంటుంది గానీ, మెగ్నీషియంను చివరి అణువుదాకా లాక్కోవాలంటే ఆ ఖాళీ చేతులు తప్పనిసరి.

పైగా లోహాన్ని పట్టుకున్న ప్రతిసారీ ఈడీటీఏ తన దగ్గరున్న హైడ్రోజన్ అయాన్లను నీళ్లలోకి వదిలేస్తుంది. అంటే టైట్రేషన్ సాగేకొద్దీ నీళ్లు పులిసిపోతుంటాయి. మొదట పీహెచ్ పదికి సరిచేసి వదిలేస్తే సరిపోదు. పుట్టే పులుపును పుట్టినట్టే మింగుతూ ఉండేది ఒకటి లోపల ఉండాలి. ఆ పని అమ్మోనియాది.

బఫరు లేకపోతే ఇంకో దెబ్బ కూడా ఉంది, ఆ అమ్మాయికి తగిలింది అదే. ఎరియోక్రోమ్ బ్లాక్-టి లోహం లేనప్పుడు నీలంగా ఉంటుందని చెప్పాను. అది పీహెచ్ 7కీ 11కీ మధ్య మాత్రమే నిజం. ఆరుకి అటూ ఇటుగా దిగితే లోహం ఉన్నా లేకపోయినా ఎర్రగానే ఉంటుంది. పన్నెండు దాటితే నారింజ రంగుకి తిరుగుతుంది. నీళ్లు పులిసిపోయాక సాక్షి ఏం చూసినా ఒకే మాట చెబుతుంది. లోహమంతా ఎప్పుడో పట్టుబడి ఉండొచ్చు, ఫ్లాస్కు మాత్రం ఎర్రగా నవ్వుతూ ఉంటుంది.

అలాంటప్పుడు పీహెచ్ ఇంకా పెంచితే ఇంకా మంచిది కదా అని తెలివైన పిల్లలు అడుగుతారు. పెంచితే మెగ్నీషియం హైడ్రాక్సైడుగా విరిగి అడుగుకు దిగిపోతుంది, కాల్షియం కార్బొనేటు తెల్లగా పేరుకుంటుంది. పీహెచ్ 10 దగ్గర కూడా ఆ రెండో ప్రమాదం పూర్తిగా తప్పదు. అందుకే బఫరు పోశాక అయిదు నిమిషాల్లో పని ముగించాలి. బఫరు పోసి టీ తాగి వస్తే లెక్క తప్పుతుంది.

బఫరు సీసాలో పడి ఉన్న మరో సంగతి నాకు ఈ పరీక్ష మొత్తంలో అన్నిటికన్నా ఇష్టం. నమూనాలో మెగ్నీషియం అసలు లేదనుకోండి, కాల్షియం ఒక్కటే ఉంది. సూచికకు కాల్షియం మీద పట్టు బొత్తిగా తక్కువ. కాబట్టి ఈడీటీఏ ఇంకా అన్ని కాల్షియంలనూ పట్టకముందే సూచిక మెల్లగా వదిలేయడం మొదలుపెడుతుంది. ఎరుపు ఒక్కసారి విరిగి నీలం కాకుండా, ఎండకు వెలిసిన చీరలా నెమ్మదిగా వంకాయరంగులోకి జారుతుంది. ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పలేరు. దీనికి మందు కొంచెం మెగ్నీషియం కలపడమే.

మెగ్నీషియాన్ని కొలవడానికి కూర్చుని మనమే మెగ్నీషియం కలుపుతామా? కలుపుతాం, కానీ విడిగా కాదు. ముందే ఈడీటీఏ చేత పట్టించి, ఒకటికి ఒకటి సరిపోయేలా చూసి, ఆ జంటను బఫరులో కలిపి ఉంచుతారు. బఫరు నమూనాలో పడగానే ఈడీటీఏ తనకు మరీ ఇష్టమైన కాల్షియాన్ని చూసి చేతిలోని మెగ్నీషియాన్ని వదిలేస్తుంది. ఆ మెగ్నీషియం సూచికను చేరి చక్కటి ఎరుపిస్తుంది. చివరికి బ్యూరెట్లోంచి దిగిన ఈడీటీఏ ఆ మెగ్నీషియాన్ని పట్టుకుంటుంది. మొదట కాల్షియానికి ఎంత ఈడీటీఏ మననుంచి వెళ్లిందో, చివర మెగ్నీషియానికి అంతే బ్యూరెట్‌నుంచి తీసుకున్నాం. చేబదులు ఇచ్చి పుచ్చుకున్నట్టు. బ్యూరెట్ అంకెలో ఒక్క చుక్క తేడా రాదు, రంగు మాత్రం కత్తితో కోసినట్టు మారుతుంది.

ఇక లెక్కకు వద్దాం. పల్నాడు బోరు నీళ్ల నమూనా ఒకటి తీసుకుని చేద్దాం. అంకెలు ఉదాహరణకే, కానీ మా బల్లమీద ఇలాంటివి మామూలే.

మొదట ఈడీటీఏ. దాని సోడియం లవణం 3.72 గ్రాములు తూచి, స్వేదనజలంలో కరిగించి ఒక లీటరు చేయాలి. అలా చేస్తే ఒక మిల్లీలీటరు ద్రావణం సరిగ్గా ఒక మిల్లీగ్రాము కాల్షియం కార్బొనేటుకి సమానం అవుతుంది. నిల్వకు ప్లాస్టిక్ సీసానే వాడాలి. గాజు సీసాలో ఎక్కువకాలం ఉంచితే ఈడీటీఏ గాజులోని లోహాలనే లాక్కుని బలహీనపడుతుంది. దాని స్వభావమే అంత.

అయినా ఆ తూకాన్ని నమ్మి ఊరుకోకూడదు, లవణానికి చెమ్మ పట్టి ఉండొచ్చు. స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేటు ఒక గ్రాము తూచి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, మరిగించి వాయువును తరిమి, ఆమ్లం మిగలకుండా సరిచేసి ఒక లీటరు చేస్తాం. ఇది మన తూనికరాయి. ఇది 20 మిల్లీలీటర్లు తీసుకుంటే ఈడీటీఏ 20.4 పట్టిందనుకోండి. అంటే మన ఈడీటీఏ కాస్త పలచన, మిల్లీలీటరుకి 0.98 మిల్లీగ్రాములే పట్టుకుంటోంది.

ఇప్పుడు బోరు నీళ్లు. బాగా కఠినమని తెలుసు కాబట్టి పిపెట్‌తో 25 మిల్లీలీటర్లే తీసుకుని, స్వేదనజలంతో యాభై చేస్తాం. పలచన చేస్తే తెల్లగా పేరుకునే భయం తగ్గుతుంది, ఖర్చయ్యే ఈడీటీఏ కూడా పదిహేను మిల్లీలీటర్ల లోపు ఉంటుంది. బఫరు పోశాం. సూచికను మామూలు ఉప్పుతో నూరి పెట్టుకుంటాం, నూరు గ్రాముల ఉప్పుకి అర గ్రాము. ద్రావణంగా చేసి ఉంచితే త్వరగా పాడవుతుంది గనుక ఈ ఏర్పాటు. అందులోంచి చిటికెడు వేశాం. ఫ్లాస్కు బీట్‌రూట్ రంగు. బ్యూరెట్ కుళాయి తిప్పాం. పదమూడు దాకా ధారగా, ఆ తర్వాత చుక్క చుక్కగా. 14.4 దగ్గర వంకాయరంగు. రెండు చుక్కలు పడ్డాక, 14.5 దగ్గర నీలం.

14.5ను 0.98తో గుణిస్తే 14.2 మిల్లీగ్రాములు. ఇది 25 మిల్లీలీటర్ల నీటిలో ఉన్నది. లీటరుకి నలభై రెట్లు, అంటే 568 మిల్లీగ్రాములు, కాల్షియం కార్బొనేటు లెక్కలో. "కార్బొనేటు లెక్కలో" అంటే నీళ్లలో అంత సున్నపురాయి తేలుతోందని కాదు. కాల్షియం, మెగ్నీషియం రెండిటికీ కలిపి ఒకే అంకె చెప్పాలి గనుక, ఉన్నదంతా కాల్షియం కార్బొనేటే అయితే ఎంత బరువుండేదో చెబుతాం. పాత తూకాలనూ మణుగులనూ కిలోల్లోకి మార్చి చెప్పినట్టే.

తాగునీటికి భారత ప్రమాణం, ఐఎస్ 10500, ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా ఆమోదయోగ్యం. వేరే నీటివనరు లేనిచోట 600 దాకా అనుమతి ఉంది. మన నమూనా 568, ఆ గీతకి కొంచెం లోపల. ఇప్పుడు చుక్క విలువ తెలుస్తుంది. ఒక చుక్క అంటే సుమారు 0.05 మిల్లీలీటరు, అంటే లీటరుకి రెండు మిల్లీగ్రాముల తేడా. వంకాయరంగు దగ్గర ఆపేసినా, నీలం వచ్చాక రెండు చుక్కలు ఎక్కువేసినా ముంచుకుపోయేది లేదు. కానీ ముదురు నీలం కోసం ఇంకా ఇంకా అంటూ ఒక మిల్లీలీటరు ఎక్కువ పోసినవాళ్ల కాగితం మీద అదే బావి 600 దాటేస్తుంది. ఈడీటీఏ బలం సరిచూడనివాళ్లు 580 అని రాస్తారు. అందుకే ఒకే నమూనాకు కనీసం రెండు రీడింగులు ఒకదానికొకటి 0.1 లోపల కలిసేదాకా ఒప్పుకునేదాన్ని కాదు.

ఇందులో కాల్షియం ఎంతో విడిగా తెలుసుకోవాలంటే, ఇందాక ప్రమాదమని చెప్పినదాన్నే పనికి వాడుకుంటాం. ఇంకో 25 మిల్లీలీటర్లు తీసుకుని సోడియం హైడ్రాక్సైడుతో పీహెచ్‌ను పన్నెండు దాటిస్తే మెగ్నీషియం విరిగి పక్కకు తప్పుకుంటుంది. అక్కడ ఎరియోక్రోమ్ పనికిరాదు కాబట్టి మ్యూరెక్సైడ్ వాడతాం, అది గులాబీరంగు నుంచి ఊదాకు మారుతుంది. ఈసారి 9.2 పట్టిందనుకుంటే కాల్షియం వాటా 361, మిగిలిన 207 మెగ్నీషియం వాటా.

తప్పు జరిగినప్పుడు ఫ్లాస్కే చెబుతుంది, చూడటం తెలియాలి. నీలం వచ్చి, చూస్తూండగానే మళ్లీ ఎరుపెక్కితే అడుగున కాల్షియం కార్బొనేటు పేరుకుని, ఇప్పుడు మెల్లగా కరుగుతోందని అర్థం. నమూనాను ఇంకా పలచన చేసి మళ్లీ చేయాలి. లేదా సుమారుగా ఎంత పడుతుందో ఇప్పుడు తెలుసు గనుక ఈడీటీఏలో ఎక్కువభాగం ముందే పోసి, ఆ తర్వాత బఫరు కలపాలి. రంగు బురద ఊదాలో ఆగిపోయి ఎంత పోసినా నీలం రాకపోతే మొదట బఫరును అనుమానించాలి. మూత వదులుగా ఉన్న సీసాలోంచి అమ్మోనియా గాలిలో కలిసిపోతుంది, నెలదాటిన బఫరును నమ్మకూడదు. తాజా బఫరుతోనూ అంతే అయితే నీళ్లలో రాగి గాని, ఇనుము గాని ఉంది. రాగి సూచికను ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే ఈడీటీఏ కూడా దాన్ని సకాలంలో విడిపించలేదు. సాక్షిని వాళ్లు కట్టేశారన్నమాట. పాత పుస్తకాల్లో దీనికి సయనైడు కలపమని ఉంటుంది. విద్యార్థుల ల్యాబులో ఆ పని చేయనే కూడదు. తుప్పు రంగు నీళ్లైతే ట్రైఇథనోలమైన్ కొంచెం కలిపి ఇనుమును పక్కన పెట్టవచ్చు.

నమూనా పట్టేటప్పుడు జరిగే తప్పును మాత్రం ఫ్లాస్కు చెప్పలేదు. మొదట చెప్పిన సీసా గుర్తుందా, గోడకు తెల్లపొడి అంటుకున్నది? ఆ పొడి నీళ్లలోంచి బయటపడ్డ కాఠిన్యమే. పైనున్న తేట నీళ్లతో చేస్తే అంకె తక్కువొస్తుంది, ఇంట్లో గీజరుకు మాత్రం పెంకు కడుతూనే ఉంటుంది. మోటారు కాసేపు నడిచాక, సీసా మెడదాకా నింపి, మూత బిగించి, ఆరోజే పరీక్షకు ఇవ్వాలి.

ఇదంతా ఇంట్లో మనకెందుకంటే, నీటి యంత్రాలు అమ్మడానికి వచ్చేవాళ్లు జేబులోంచి పెన్నులాంటి మీటరు తీసి నీళ్లలో ముంచి అంకె చూపిస్తారు. అది టీడీఎస్, నీటిలో కరిగిన లవణాలన్నిటికీ వేసే అంచనా. ఆ మీటరు నీరు కరెంటును ఎంత పారనిస్తుందో చూస్తుందేగాని, అది సోడియమా కాల్షియమా అన్నది దానికి తెలియదు. ఇంటి మేడమీద పెట్టే సాఫ్ట్‌నరు కాల్షియాన్ని పట్టుకుని బదులుగా సోడియాన్ని వదులుతుంది. కాఠిన్యం పోతుంది, టీడీఎస్ ఇంచుమించు అలాగే ఉంటుంది. అందుచేత టీడీఎస్ అంకె చూసి సాఫ్ట్‌నరు కొనకండి, కొన్నాక టీడీఎస్ తగ్గలేదని పనిచేయలేదనీ అనుకోకండి. లీటరుకి కాల్షియం కార్బొనేటుగా ఎన్ని మిల్లీగ్రాముల కాఠిన్యమో అడగండి. ఆ అంకె వచ్చేది ఈ టైట్రేషన్‌తోనే. బజారులో దొరికే చుక్కలు లెక్కపెట్టే కిట్లలో ఎక్కువభాగం చేసేదీ ఇదే పని.

సాఫ్ట్‌నరు సరిగ్గా పనిచేస్తోందా అన్నదానికైతే బ్యూరెట్ కూడా అక్కర్లేదు. దాని కుళాయి నీళ్లు కాసిని పట్టి, కిట్‌లోని బఫరు కలిపి, సూచిక వేయండి. ఒక్క చుక్క ఈడీటీఏ అవసరం లేకుండా మొదటే నీలం రావాలి. ఎర్రబడితే లోపలి రెసిన్ నిండిపోయింది, దానికి ఉప్పు పెట్టాల్సిన వేళ అయింది.